చెల్లికి వేసిన ఆరు ఇంజెక్షన్లు

నోరెథిస్టిరోన్ అనే పేరు మీలో చాలామందికి గుర్తుండకపోవచ్చు గానీ, ఆ మాత్ర మాత్రం గుర్తుంటుంది. పెళ్ళి ముహూర్తమో, తిరుపతి ప్రయాణమో, వరలక్ష్మీ వ్రతమో నెలసరి రోజుల్లో పడితే మందుల షాపులో అడిగి తెచ్చుకుంటామే, డేటు వాయిదా వేసే 5 మిల్లీగ్రాముల తెల్ల మాత్ర, అదే. కిందటేడు మా చెల్లికి డాక్టరమ్మ ఆ మాత్రనే రోజూ ఒకటి చొప్పున ఆరు నెలలు రాసింది. వ్రతం కోసం కాదు, ఎముకల కోసం. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ ఒక పట్టాన ఎక్కలేదు. ఎక్కకపోవడం వల్ల ఐదు వారాలు చెల్లి పడిన అవస్థ చూశాకే ఇదంతా రాయాలనిపించింది.

చెల్లికి ముప్పై ఆరేళ్ళు, ఒక పాప. జబ్బు ఎండోమెట్రియోసిస్. గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం బయట, అంటే అండాశయాల మీద, పేగుల మీద, గర్భాశయం వెనక అతుక్కుని పెరుగుతుంది. అక్కడ వాపు, గాయం కట్టినట్టు అతుకులు, భరించలేని నొప్పి. రెండేళ్ళ కిందట ఎడమ అండాశయంలో చాక్లెట్ సిస్ట్ ఉందని లాప్రోస్కోపీ చేసి తీశారు. ఏడాది తిరగకుండా నొప్పి మళ్ళీ మొదలైంది. డైనోజెస్ట్ అనే మాత్ర ఏడు నెలలు వాడింది. కొందరికి అది చక్కగా పనిచేస్తుందట. చెల్లికి రోజూ కాస్త కాస్త మరక కనబడుతూనే ఉండేది, నొప్పీ పెద్దగా తగ్గలేదు. వంటింటి కేలండరు మీద ప్రతి రోజూ నొప్పికి పదికి ఇన్నని మార్కులు వేసుకునేది. డేటు రోజుల్లో ఎనిమిదీ తొమ్మిదీ, మామూలు రోజుల్లో కూడా నాలుగూ ఐదూ. అప్పుడు డాక్టరమ్మ ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్ మాట ఎత్తింది. 3.75 మిల్లీగ్రాములది, ఇరవై ఎనిమిది రోజులకు ఒకటి, మొత్తం ఆరు. దానితో పాటు రోజూ ఆ నోరెథిస్టిరోన్ మాత్ర, కాల్షియం, విటమిన్ డి.

ఇంజెక్షన్ ఏం చేస్తుందో నాకు అర్థమైన తీరు చెబుతాను. మన మెదడులో హైపోథలామస్ అనే చోటు నుంచి జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్ గంటకో, గంటన్నరకో ఒకసారి చుక్కలా వదులుతుంది. ఆ చుక్క అందినప్పుడల్లా దాని కిందనే ఉన్న పిట్యూటరీ గ్రంథి అండాశయాలకు కబురు పంపుతుంది. అండాశయాలు ఈస్ట్రోజన్ తయారు చేస్తాయి. ఇక్కడ కీలకం ఆ మధ్య విరామమే. 1978లో అమెరికాలో ఎర్నెస్ట్ నోబిల్ అనే శాస్త్రవేత్త కోతుల మీద ప్రయోగం చేసి చూపించింది కూడా ఇదే. అదే హార్మోన్‌ని గంటకొకసారి ఇస్తే వ్యవస్థ నడుస్తుంది, ఆపకుండా ధారగా ఇస్తే ఆగిపోతుంది. మన ఇంటి కాలింగ్ బెల్ లాంటిదే. అప్పుడప్పుడు మోగితే పరుగెత్తి తలుపు తీస్తాం. ఎవడో నొక్కిపట్టి వదలకపోతే, మొదట్లో నాలుగుసార్లు తీసి, చివరికి బెల్ వైరు పీకేసి కూర్చుంటాం. ల్యూప్రోలైడ్ ఆ హార్మోన్‌కి నకలు, కానీ అసలు దానికంటే ఎంతో బలమైనది, నెల పొడుగునా ఒంట్లో ఊరుతూనే ఉంటుంది. కొన్ని రోజులకు పిట్యూటరీ పలకడం మానేస్తుంది, అండాశయాలు నిద్రపోతాయి, ఈస్ట్రోజన్ మెనోపాజ్ వచ్చినవాళ్ళలో ఉండేంతకి పడిపోతుంది. దాని మీదే బతికే ఎండోమెట్రియోసిస్ మచ్చలు ఎండుముఖం పడతాయి.

ఆ ‘మొదట్లో నాలుగుసార్లు తలుపు తీయడం’ అనేది కూడా నిజంగానే జరుగుతుంది. ఇది ముందే తెలిసి ఉండాలి. తొలి ఇంజెక్షన్ తర్వాత వారం పది రోజులు హార్మోన్లు తగ్గకపోగా ఒక్కసారి ఎగదన్నుతాయి. చెల్లికి జూన్‌లో, నెలసరి రెండో రోజున, గర్భం లేదని పరీక్ష చేసుకున్నాక మొదటిది వేశారు. రెండు వారాలకు ఇంకో నెలసరి వచ్చినట్టే బ్లీడింగ్ అయింది, నొప్పి తొమ్మిదికి వెళ్ళింది. “అక్కా, ఇంత డబ్బు పోసి నొప్పి కొనుక్కున్నట్టుంది” అంది ఫోన్లో. డాక్టరమ్మ ముందే చెప్పి ఉండబట్టి ఆగింది. ఆ తర్వాత మరి నెలసరి రాలేదు. రెండో ఇంజెక్షన్ అయిన పది రోజులకు కేలండరు మీద మూళ్ళు, తర్వాత రెళ్ళు కనబడ్డాయి. ఇంకో మాట. నెలసరి ఆగింది కదా అని గర్భం రాదనుకోకూడదు. ఇది గర్భనిరోధక మందుగా వాడేది కాదు, అందుకని ఆ ఆరు నెలలూ కండోమ్ తప్పదన్నారు. ఇంజెక్షన్ కూడా ఇరవై ఎనిమిదో రోజుకి అటూ ఇటూ కాకుండా పడాలి. ఆలస్యమైతే అండాశయాలు లేచి కూర్చుంటాయి, మళ్ళీ బ్లీడింగ్, మళ్ళీ నొప్పి. అందుకే మా మరిది గారి గృహప్రవేశానికి వెళ్ళిన ఊళ్ళో కూడా చెల్లి ఐస్ బాక్స్‌లో పెట్టిన ఆ పెట్టె వెంట తీసుకొచ్చింది. అక్కడి నర్సు పొడిని నీళ్ళతో కలిపి, కలిపిన వెంటనే వేసింది.

ఇక ఆగస్టు సంగతి. శ్రావణమాసం అని అమ్మ చెల్లి ఇంటికి వెళ్ళింది. బీరువా మీద మాత్రల పెట్టె చూసి, “ఇది డేటు వాయిదా వేసే మాత్ర కదే! నీకు డేట్లే రావడం లేదు, రోజూ ఎందుకు మింగుతున్నావు?” అంది. అడిగిన తీరులో తప్పేమీ లేదు. మందుల షాపు అబ్బాయి కూడా అదే మాట అన్నాడు. పైగా చెల్లి ఎక్కడో చదివింది, ఆ మాత్ర ఒంట్లోకి వెళ్ళాక కొద్ది భాగం ఈస్ట్రోజన్‌గా మారుతుందని. ఇంకేముంది. ఈస్ట్రోజన్ తగ్గించడానికి వేలు పోసి ఇంజెక్షన్ వేయించుకుంటూ, మళ్ళీ అదే ఈస్ట్రోజన్ మింగడమేమిటి, జబ్బుకి పాలు పోసి పెంచినట్టు కాదా అని మాత్ర ఆపేసింది. ఎవరికీ చెప్పలేదు.

పది రోజులకు మొదలైంది. ఒంట్లోంచి ఒక్కసారిగా సెగ లేచి, ఛాతీ నుంచి మెడకూ ముఖానికీ పాకి, రెండు నిమిషాల్లో చెమటతో తడిసిపోవడం. రాత్రికి నాలుగైదుసార్లు దుప్పటి తన్నేయడం, జాకెట్ మార్చుకోవడం, మళ్ళీ చలి. నిద్ర లేక పగలంతా చిరాకు. పాప హోంవర్క్ దగ్గర గట్టిగా అరిచి, తర్వాత తనే ఏడవడం. మోకాళ్ళు, చేతి వేళ్ళ కణుపులు పొద్దున్నే బిగుసుకునేవట. యోని పొడిబారి భర్త దగ్గరికి వెళ్ళాలంటే భయం వేసేదని చాలా సేపటికి చెప్పింది. అమ్మకు యాభై దాటాక వచ్చినవన్నీ ముప్పై ఆరేళ్ళకు దీనికి కట్టకట్టుకుని వచ్చాయి. “నాకు ముసలితనం వచ్చేసిందా అక్కా?” అని అడిగింది. అప్పటిదాకా ఇవేవీ లేవా అంటే, సాయంత్రం పూట కొంచెం వేడిగా అనిపించేదట, అంతే.

సెప్టెంబరులో నాలుగో ఇంజెక్షన్‌కి నేనూ తోడు వెళ్ళాను. డాక్టరమ్మ కేలండరు ఫోటోలు చూసి, “నొప్పి రెండే ఉంది, మరి ఈ సెగలేమిటమ్మా, మాత్ర వేసుకుంటున్నావా?” అని నేరుగా అడిగింది. చెల్లి తల దించుకుంది. ఆవిడ కోప్పడలేదు. కాగితం మీద ఒక గీత గీసి చెప్పింది. నేను దాన్ని నాకు తెలిసిన పొలం భాషలోకి మార్చుకున్నాను.

వరికి మడిలో నీళ్ళు నిలబడాలి. జొన్నకు కొద్ది తడి చాలు. ఎండోమెట్రియోసిస్ మచ్చలు వరి లాంటివి, ఈస్ట్రోజన్ బాగా ఉంటేనే పెరుగుతాయి. ఎముకలు జొన్న లాంటివి, కొంచెం ఉన్నా నిలదొక్కుకుంటాయి. మామూలు నెలలో మన రక్తంలో ఈస్ట్రడయోల్ పైకీ కిందికీ పోతూ, అండం విడుదలయ్యే ముందు మిల్లీలీటరుకు 200 పికోగ్రాములు దాటుతుంది. ఇంజెక్షన్ ఒక్కటే ఇస్తే 20 చుట్టుపక్కలకి జారిపోతుంది. అక్కడ వరీ పోతుంది, జొన్నా పోతుంది. 30 నుంచి 50 మధ్య ఉంటే వరి ఎదగదు, జొన్న బతుకుతుంది. రాబర్ట్ బార్బియెరి అనే అమెరికా వైద్యుడు 1992లో ఈ ఆలోచనని ఈస్ట్రోజన్ గడప సిద్ధాంతం అనే అర్థం వచ్చే పేరుతో ముందుకు తెచ్చారు. కాలువ పూర్తిగా కట్టేసి, పక్కనుంచి కుండతో కొలిచి నీళ్ళు పోయడమన్న మాట. ఆ కుండ పేరే యాడ్-బ్యాక్.

కుండలో ఏం పోస్తారన్నది రకరకాలు. ఈస్ట్రోజన్ కొంచెం, ప్రొజెస్టిరాన్ రకం కొంచెం కలిపి ఇవ్వచ్చు. టిబొలోన్ అనే మాత్ర ఇవ్వచ్చు. గర్భాశయం ఉన్నవాళ్ళకి ఉత్త ఈస్ట్రోజన్ ఒక్కటే ఇవ్వరు, లోపలి పొర మందమవుతుంది, మచ్చలూ లేస్తాయి. నోరెథిస్టిరోన్‌కి ఉన్న సౌకర్యం ఏమిటంటే, అది స్వతహాగా ప్రొజెస్టిరాన్ జాతిది కాబట్టి మచ్చల్ని అణిచే వైపే ఉంటుంది, ఈస్ట్రోజన్‌గా మారే ఆ కొద్ది భాగం ఎముకకూ సెగలకూ అక్కరకొస్తుంది. వ్రతానికి మింగేటప్పుడు రోజుకి రెండో మూడో, పది రోజులు. ఇక్కడ ఒక్కటే, నెలల తరబడి. మాత్ర ఒకటే అయినా పని వేరు. దానికీ తన గొడవలున్నాయి. కొందరికి రొమ్ముల్లో సలపరం, కాస్త ఒళ్ళు రావడం, మధ్యలో మరక, రక్తంలో మంచి కొలెస్ట్రాల్ తగ్గడం. రక్తం గడ్డకట్టిన చరిత్ర, లివర్ జబ్బు, కళ్ళ ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నవాళ్ళు ముందే చెప్పుకోవాలి.

మా వాదన అంతా ఎక్కడ తేలిపోయిందంటే ఆ కేలండరు దగ్గర. మాత్ర వేసుకున్న జూలైలోనూ నొప్పి రెండూ మూడే. మాత్ర ఆపేసిన ఆగస్టులోనూ రెండే. మళ్ళీ మొదలుపెట్టాక సెప్టెంబరు చివర్లోనూ రెండే. మాత్ర జబ్బుకి పాలు పోసి ఉంటే ఆపినప్పుడు నొప్పి ఇంకా తగ్గాలి కదా, తగ్గలేదు. పెరిగింది సెగలే. మళ్ళీ వేసుకున్న మూడు వారాలకు అవి రాత్రికి ఒకటికి దిగాయి. పూర్తిగా పోలేదు, పోతాయని డాక్టరమ్మ కూడా అనలేదు.

అయినా సెగలు మేలు, వాటికి నోరుంది. ఎముకకి నోరు లేదు. మాత్ర ఆపిన ఐదు వారాల్లో వెన్నుపూసలో ఏం జరిగిందో చెల్లికి తెలిసే దారే లేదు. యాడ్-బ్యాక్ లేకుండా ఉత్త ఇంజెక్షన్లే ఆరు నెలలు వేయించుకుంటే నడుము వెన్నుపూసల సాంద్రత సగటున నూటికి మూడు వంతులు తగ్గుతుంది, ఏడాది అయితే ఆరు దాకా. మాత్ర తోడుంటే ఏడాదికి కూడా ఒక వంతు అటూ ఇటూ. మందు మానేశాక చాలా వరకు తిరిగి వస్తుంది గానీ, అందరికీ పూర్తిగా రాదు. మన ఎముక బ్యాంకులో వేసుకునే వయసు ముప్పైలతో అయిపోతుంది. ఆ తర్వాత ఉన్నది కాపాడుకోవడమే, మెనోపాజ్ వచ్చాక ఎలాగూ తీయడాలు మొదలవుతాయి. పాలూ పెరుగూ సరిగా తినని, ఎండ మొహం చూడని మన ఆడవాళ్ళకి ఆ ఖాతా మొదటే చిన్నది.

అందుకే ఇంజెక్షన్ ఒక్కటే అయితే ఆరు నెలలు, యాడ్-బ్యాక్‌తో అయితే మొత్తం మీద ఏడాది అని గడువు పెట్టారు. “నొప్పి లేకుండా హాయిగా ఉంది, ఇంకో రెండేళ్ళు వేయండి” అని చెల్లే అడిగింది ఐదో ఇంజెక్షన్ రోజున. హాయిగా ఉన్నప్పుడు ఆపడమే కష్టం. డాక్టరమ్మ చెప్పిన కారణాల్లో ఎముక ఒకటి. రెండోది, ఏడాది దాటి వాడినవాళ్ళ లెక్కలు తక్కువ, ఎంతవరకు భద్రమో గట్టిగా చెప్పలేరు. అమెరికాలో 2021లో వచ్చిన రెలుగోలిక్స్ మాత్రలో యాడ్-బ్యాక్ హార్మోన్లు అందులోనే కలిపేశారు, దానికీ అక్కడ 24 నెలల గడువే పెట్టారు. ఇక ఈ ఇంజెక్షన్ జబ్బుని నిద్రపుచ్చుతుందే గానీ చంపదు. ఎన్నాళ్ళు వేసినా, మానేశాక అండాశయాలు లేస్తాయి, చాలామందిలో నొప్పి కూడా నెలల్లోనో ఏడాదిలోనో తిరిగి వస్తుంది. కాబట్టి మొదలుపెట్టే రోజునే, ఆరు నెలల తర్వాత ఏమిటి అన్న ప్రశ్నకి జవాబు ఉండాలి. మా చెల్లి విషయంలో ఆవిడ మొదటి రోజే దాన్ని ఫైలులో రాసి పెట్టింది. నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది అక్కడే.

ఇదే ఇంజెక్షన్ గర్భాశయంలో గడ్డలున్నవాళ్ళకి, అంటే ఫైబ్రాయిడ్స్‌కి కూడా వేస్తారు. కానీ లెక్క వేరు. మా పక్కింటావిడకి నలభై ఆరు, గడ్డల వల్ల బ్లీడింగ్ అయిపోయి హిమోగ్లోబిన్ 7కి పడిపోయింది. ఆపరేషన్‌కి ముందు మూడు నెలలు ఇంజెక్షన్లు, ఐరన్ ఇచ్చారు. నెలసరి ఆగేసరికి రక్తం 11కి లేచింది, గడ్డా కాస్త తగ్గింది, రక్తం ఎక్కించకుండానే ఆపరేషన్ అయిపోయింది. మూడు నెలల పనికి యాడ్-బ్యాక్ మాత్ర ఇవ్వలేదు. మొదటి నుంచే ఇస్తే గడ్డ తగ్గడం మందగించవచ్చని ఆవిడకి చెప్పారట. ఆపరేషన్ లేకుండా ఇంజెక్షన్లతోనే సరిపెట్టుకుందామా అంటే, ఆపిన కొన్ని నెలలకే గడ్డ మునుపటి సైజుకి వచ్చేస్తుంది. కాబట్టి ఒకరికి రాసిన చీటీ చూసి ఇంకొకరు మాత్ర అడగడమూ, మానడమూ రెండూ కుదరవు.

చెల్లికి ఇంజెక్షన్లు మొదలుపెట్టక ముందు డెక్సా స్కాన్ తీశారు, నడుము వెన్నుపూసల్లో చదరపు సెంటీమీటరుకి 1.012 గ్రాములు. డిసెంబరులో, కోర్సు అయ్యాక, అదే సెంటర్లో అదే మెషీన్ మీద తీయించమన్నారు. మెషీన్ మారితే అంకెలు పోల్చడానికి పనికిరావట. ఈసారి 1.003. అంటే నూటికి ఒకటి కంటే కొంచెం తక్కువ. అంత చిన్న తేడా స్కాన్ పొరపాటు కూడా కావచ్చని డాక్టరమ్మ అంది. రిపోర్టులో టీ-స్కోర్, జడ్-స్కోర్ అని రెండుంటాయి. నెలసరి ఆగిపోని వయసువాళ్ళకి జడ్-స్కోరే చూడాలి, టీ-స్కోర్ చూసి కంగారు పడకూడదని కూడా ఆవిడే చెప్పింది.

అదే నెలలో, ఫైలులో రాసుకున్న ప్రకారం, గర్భాశయంలో లెవోనార్జెస్ట్రెల్ హార్మోన్ వదిలే లూప్ వేశారు. కొన్నేళ్ళు అక్కడే ఉండి లోపలి పొరను అణిచిపెట్టి ఉంచుతుంది, అండాశయాల్ని పూర్తిగా నిద్రపుచ్చదు, ఎముకల జోలికి రాదు. చెల్లికి ఇంకో బిడ్డ వద్దు కాబట్టి కుదిరింది. కావాలనుకునేవాళ్ళకి దారి వేరే ఉంటుంది. సంక్రాంతి వెళ్ళిన వారానికి నెలసరి తిరిగి వచ్చింది, రెండు రోజులు, కొంచెమే. సెగలు ఫిబ్రవరికల్లా పోయాయి. కాల్షియం, విటమిన్ డి సాగుతున్నాయి, పొద్దున్నే పాపని బస్సు ఎక్కించి అరగంట నడుస్తోంది. కేలండరు మీద మార్కులు వేయడం మాత్రం మానలేదు. మొన్న వెళ్ళినప్పుడు చూశాను, డేటు రోజుల్లో మూడు, మిగతా రోజులు చాలావాటికి సున్నా.